పావు స్వరాల మీటలున్న కీబోర్డు: ఏళ్ల తరబడి వాయించాక

అరబ్బీ సంగీతం కోసం తయారయ్యే కీబోర్డుల్లో మామూలు మెట్ల పైన పన్నెండు చిన్న మీటలుంటాయి. ఏ స్వరం మీట నొక్కితే ఆ స్వరం 50 సెంట్లు, అంటే అర్ధస్వరంలో సగం, కిందికి దిగుతుంది. నాది అలాంటిదే. పెళ్లి విందులకు, సాధనకు బాగా పనికొచ్చింది. అయితే మకామ్, అంటే మన రాగం లాంటి అరబ్బీ స్వరపద్ధతి, మొత్తం ఆ మీటల్లో ఉందనుకుని కొనేవారికి మాత్రం నిరాశ తప్పదు.

రాస్త్ మకామ్‌నే చూడండి. సి నుంచి మొదలుపెట్టి ఇ, బి మీటలు నొక్కితే స్వరాలు సిద్ధమైనట్టే. మన లెక్కలో చెప్పాలంటే ఆ గాంధారం సాధారణానికీ అంతరానికీ నడుమ ఉంటుంది. ఖరహరప్రియదీ కాదు, శంకరాభరణందీ కాదు. లెక్క ప్రకారం 350 సెంట్ల దగ్గర పలకాలి. కానీ ఈజిప్టు గాయకుల రికార్డింగుతో కలిపి వాయిస్తే నా ఇ కాస్త నీరసంగా వినిపించేది. సెట్టింగుల్లోకి వెళ్లి 50 బదులు 40 సెంట్లే దించాక కుదిరింది. సిరియా బాణీకి ఇంకొంచెం పైకి జరపాల్సి వచ్చింది.

అసలు చిక్కు బయాతీ అనే మరో మకామ్‌కు మారినప్పుడు వస్తుంది. అది డి మీద నిలుస్తుంది, రెండో స్వరం అదే ఇ. కాగితం మీద రెండింటికీ ఒకే గుర్తు. చెవికి మాత్రం బయాతీలో ఇ మరింత కిందికి దిగాలి. నేను 60 దాకా దించుతాను. ఊద్ అనే అరబ్బీ తీగ వాద్యానికి మెట్లుండవు కాబట్టి వేలు తనంతట తానే జరుగుతుంది. కీబోర్డులో రెండు సర్దుబాట్లు వేర్వేరుగా దాచుకుని, పాట మధ్యలో మార్చుకోవాలి.

అష్టకాన్ని 24 సమభాగాలు చేయాలా వద్దా అని 1932 కైరో సంగీత సదస్సులో పెద్ద వాదనే జరిగింది. ఈ యంత్రం ఆ 24 భాగాల పక్షాన నిలబడ్డ వస్తువు. రాయడానికి, నేర్పడానికి ఆ లెక్క సుఖమే, కాదనను.

తీగల శబ్దంతో ఆటోమేటిక్ కార్డ్, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగే తోడు, పెట్టారా, రాస్త్ పని అయిపోయినట్టే. సి, జి నడుమ ఆ ఇ చేరితే మేజరూ కాదు, మైనరూ కాదు, వట్టి బేసురు. యంత్రం మామూలు ఇ తో కార్డ్ కడితే రాగంతో కొట్టుకుంటుంది. నేను కార్డ్ ఆపేసి సి, జి మాత్రమే మోగిస్తాను, తాళం ఉంచుకుంటాను. పైకి వెళ్లేటప్పుడు పావు తగ్గిన బి, దిగేటప్పుడు తరచూ బి ఫ్లాట్ రావడం మాత్రం ఇబ్బంది కాదు. దానికి నల్ల మెట్టు ఎలాగూ ఉంది.

నాకు విసుగు పుట్టించింది ఒక్కటే: తాళం స్టైల్ మార్చితే నేను పెట్టుకున్న శ్రుతి చెరిగిపోతుంది. కొనేముందు దుకాణంలోనే రాస్త్, బయాతీ రెండూ దాచి, ఒక స్వరం పట్టుకుని ఉండగా మార్చి చూడండి. మోగుతున్న స్వరం మధ్యలో టక్కున జారితే ఆ మోడల్ వదిలేయండి.