మంచాన ఉన్నవారికి టేపు డైపర్: చాలాకాలం వాడాక

మంచం దిగలేని పెద్దవాళ్లకి టేపు డైపర్ మూత్రం వరకు బాగా పనిచేస్తుంది, మోషన్‌కి మాత్రం దాని మీద ఆధారపడకూడదు. మూత్రాన్ని లోపలి జెల్ పీల్చేసుకుంటుంది. మోషన్‌ని ఏ డైపరూ పీల్చలేదు, అది చర్మానికే అంటుకుని ఉంటుంది. దానిలోని జీర్ణరసాలు తడితో నానిన చర్మాన్ని పాడుచేస్తాయి. అందుకే మోషన్‌ని ఒక వేళకి రప్పించి, ఆ వేళకి డైపర్ విప్పి ఉంచడం మేలు. మిగతా రోజంతా డైపర్ మూత్రానికే.

పక్షవాతంతో కుడివైపు పడిపోయి, నోటితో తినగలిగే ఒక పెద్దాయనను తీసుకుందాం. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుంది. ఆ కదలిక పొద్దుటి టిఫిన్ తర్వాత బాగా ఉంటుంది. కాబట్టి ఎనిమిదింటికి దిండ్లు ఆనించి కూర్చోబెట్టి ఇడ్లీ, ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు ఇచ్చి, అరగంట అలాగే ఉంచాలి. తర్వాత ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టవైపు మడిచి, మోకాళ్ల మధ్య దిండు పెట్టాలి. కింద అండర్‌ప్యాడ్, దానిమీద విప్పిన డైపర్. బెడ్‌పాన్ మీద పది పదిహేను నిమిషాలకు మించి ఉంచితే దాని అంచు నడుము కింది ఎముక దగ్గర ఒరుసుకుంటుంది, పక్కకు పడుకోబెట్టడంలో ఆ బెడద లేదు.

రెండు రోజులుగా మోషన్ కాకపోతే, డాక్టర్ ఒప్పుకున్నాక, ఈ వేళకే మలద్వారంలో గ్లిజరిన్ సపోజిటరీ, అంటే లోపల కరిగే మందు బిళ్ల, పెట్టొచ్చు. గ్లవ్స్ వేసుకుని, కొన తడిపి, వేలు పొడవునా లోపలికి పంపి పక్క గోడకు ఆనించాలి. మలం ముద్దలోకి గుచ్చితే బిళ్ల అక్కడే కరిగిపోతుందే తప్ప పేగును కదిలించదు. చాలామంది 'మందు పనిచేయలేదు' అనుకునేది ఇక్కడే. పదిహేను నిమిషాల నుంచి అరగంటలో ఫలితం కనిపించాలి. వెన్నుపాము పైభాగం దెబ్బతిన్నవారికి మాత్రం ఇది నర్సు దగ్గర నేర్చుకోకుండా చేయకూడదు. మలద్వారం దగ్గర కదిలిస్తే వాళ్లకి ఒక్కసారిగా బీపీ పెరగొచ్చు. తలనొప్పి, ముఖంలో చెమట కనిపిస్తే వెంటనే ఆపి, తల ఎత్తి కూర్చోబెట్టి, సాయం పిలవాలి.

ఇక్కడ పెద్ద పొరపాటు ఒకటి జరుగుతుంటుంది. ఆ పెద్దాయనకు నాలుగు రోజులు మోషన్ లేదు. ఐదో రోజు నీళ్లలా, కొంచెం కొంచెంగా, మాటిమాటికీ డైపర్‌లో పడుతోంది. ఇంట్లోవాళ్లు విరేచనాలనుకుని మోషన్ ఆపే మాత్ర వేస్తారు. నిజానికి లోపల గట్టి ముద్ద అడ్డంపడి, దాని పక్కనుంచి నీళ్లమలం జారుతోంది. మాత్రతో ఆ ముద్ద ఇంకా బిగుస్తుంది. పొట్ట ఉబ్బి గట్టిగా ఉండడం, తిండి తినకపోవడం, ఒక్కోసారి మూత్రం కూడా ఆగిపోవడం దీని గుర్తులు. అప్పుడు నర్సునో డాక్టర్‌నో పిలిచి పరీక్ష చేయించాలి. నీళ్లు తక్కువ తాగేవారికి ఇసబ్గోల్ కూడా ఇవ్వొద్దు, అదే ముద్దకట్టి అడ్డుపడుతుంది.

డైపర్ విషయానికొస్తే, ప్యాంటు రకం వద్దు, దాన్ని కాళ్లెత్తి తొడగాల్సి వస్తుంది. సైజు నడుముతో పాటు తుంటి కొలత కూడా చూసి తీసుకోండి. పెద్ద సైజైతే ఎక్కువ పీలుస్తుందనుకోవడం తప్పు, తొడల దగ్గర సందు పడి కారుతుంది. మనిషిని పక్కకు తిప్పి, డైపర్ సగం చుట్టి వీపు కింద దోపి, మధ్యగీత వెన్నుకు సరిగ్గా పెట్టి, ఇటు తిప్పి లాగాలి. లోపలి అంచుల గోడల్ని వేళ్లతో నిలబెట్టడం మర్చిపోతే మోషన్ తొడల మీదికి వచ్చేస్తుంది. కింది టేపులు పైకి ఏటవాలుగా, పై టేపులు కిందికి. నడుము దగ్గర రెండు వేళ్లు దూరాలి. రెండు డైపర్లు ఒకదానిపై ఒకటి వేస్తే ఉపయోగం లేదు, ఒంటికి ఆనే డైపర్ ప్లాస్టిక్ అడుగు తడిని రెండోదానిలోకి పోనివ్వదు.

మోషన్ పడితే అప్పుడే మార్చాలి. ముందునుంచి వెనక్కి తుడవాలి, ఆడవాళ్లకి మరీ ముఖ్యం. గోరువెచ్చని నీళ్లు చాలు, డెట్టాల్ కలపొద్దు. రుద్దకుండా మెత్తటి బట్టతో అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ క్రీమ్ పలచగా రాయండి, కింద చర్మం కనిపించేంత పలచగా. మందంగా పూస్తే క్రీమ్ డైపర్‌కు అంటి, అది పీల్చడం మానేస్తుంది. మళ్లీ శుభ్రం చేసేటప్పుడు మురికైన పైపొరే కొబ్బరినూనె అద్దిన దూదితో తీస్తే చాలు, మొత్తం గీకేయొద్దు. పౌడర్ తడిలో ఉండలుకట్టి ఒరుసుకుంటుంది.

ఎర్రబడితే ఎక్కడో చూడండి. ఎముక మీద ఉండి, వేలితో నొక్కినా తెల్లబడకపోతే అది ఒత్తిడి పుండుకు మొదలు. ఆ వైపు పడుకోబెట్టడం మానేసి, రెండు గంటలకోసారి తిప్పాలి. గజ్జల మడతల్లో ఎర్రగా ఉండి చుట్టూ చిన్న పొక్కులుంటే ఫంగస్ కావచ్చు, దానికి జింక్ చాలదు. మెడికల్ షాపులో స్టెరాయిడ్ కలిపిన క్రీమ్ ఇస్తే తీసుకోకండి, వారాల తరబడి వాడితే చర్మం పలచబడి చిన్న రాపిడికే చిట్లుతుంది. డాక్టర్‌కి చూపించి ఫంగస్ మందే వాడండి.