వణికిన షాట్‌కు ఏది మేలు: ఫ్రేమును వంచడమా, జరపడమా?

మా పిన్ని కూతురి పెళ్లి గాజులు కొనడానికి వెళ్లినప్పుడు లాడ్ బజారులో కెమెరా నేనే పట్టుకున్నాను. ఎదురుగా చార్మినారు, రెండు పక్కలా గాజుల దుకాణాలు. నడుస్తూ తీసిన 20 సెకన్ల షాట్, 4కే, సెకనుకు 25 ఫ్రేములు. ఇంటికి వచ్చి చూస్తే అడుగడుగునా కుదుపే. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో కుదుపును సరిదిద్దే వార్ప్ స్టెబిలైజర్ వేసి, అది తనంతట తాను ఎంచుకునే Subspace Warp పద్ధతినే ఉంచాను. కుదుపు పోయింది. కానీ పిన్నికి చూపించగానే ఆమె అడిగిన మొదటి మాట: "మినారు ఊగుతోందేమిటి నాన్నా?"

ఆమెకు కనిపించింది నిజమే. నడిచేవాడి చేతిలో కెమెరా వంగడమే కాదు, ప్రతి అడుగుకూ పైకీ పక్కకీ జరుగుతుంది కూడా. అలా జరిగినప్పుడు దగ్గరి గాజుల వరుస ఫ్రేములో చాలా కదులుతుంది, దూరాన ఉన్న మినారు అంతగా కదలదు. ఫ్రేమును ఒకే పలకలా జరిపితే ఈ రెండూ ఒకేసారి కుదురుకోవు. అందుకని Subspace Warp ఫ్రేములో ఒక్కో చోటును ఒక్కో విధంగా సాగదీస్తుంది. జనం అడ్డంగా నడిచే బజారులో అది ఏ కదలిక కెమెరాదో, ఏది మనుషులదో తేల్చుకోలేక తడబడుతుంది. ఒక బుర్ఖా అంచు ఫ్రేములోకి రాగానే వెనక ఉన్న రాతి గోడ నీళ్లలో నీడలా అలలెత్తింది.

Position, Scale, Rotation అనే పద్ధతి ఫ్రేమును జరుపుతుంది, తిప్పుతుంది, పెంచి తగ్గిస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. అది వేసి చూస్తే మినారు నిటారుగా నిలిచింది. అంచున ఉన్న గాజులు మాత్రం అడుగడుక్కీ కాస్త అదురుతూనే ఉన్నాయి. నా ఓటు దీనికే. చేతి కెమెరాలో చిన్న అదురును కన్ను సహజంగానే ఒప్పుకుంటుంది, రాయి మెత్తబడితే ఒప్పుకోదు. కేబీఆర్ పార్కు నడక దారి వంటి చోట మాత్రం Subspace Warp వాడతాను. అక్కడ కొమ్మలు, ఆకులు కొద్దిగా సాగినా పట్టుబడవు. అనుమానం ఉంటే భవనం అంచు వెంట తెర మీద ఒక కాగితాన్ని నిలువుగా ఆనించి, ఒక్కొక్క ఫ్రేమే ముందుకు జరిపి చూడండి. అంచు కాగితం దగ్గర వంకర తిరుగుతుంటే అది వంపు, తిన్నగా ఉండి మొత్తంగా జరుగుతుంటే మిగిలిన కుదుపు.

ఏ పద్ధతి ఎంచుకున్నా అంచులు కోతకు పోతాయి. ఫ్రేమును జరిపినప్పుడు ఒక పక్క ఖాళీ ఏర్పడుతుంది, దాన్ని కప్పడానికి బొమ్మను పెద్దది చేయాలి. నా షాట్‌లో Auto-scale 128% చూపింది. అంటే 3840 పిక్సెళ్ల వెడల్పులో మిగిలింది 3000. చివరికి ఇచ్చేది 1920 వెడల్పు వీడియో కాబట్టి స్పష్టతకు లోటు లేదు. అదే 1920లో తీసి ఉంటే 1500 పిక్సెళ్లనే సాగదీయాల్సి వచ్చేది. కోణం నష్టం మాత్రం రెండింటిలోనూ ఒకటే: 24 మి.మీ. లెన్సుతో తీసింది దాదాపు 31 మి.మీ. లెన్సుతో తీసినట్టు ఇరుకవుతుంది. మినార్ల కొనలు తెగాయి.

ఇంత కోతకు కారణం 20 సెకన్ల నడక కాదు. 13వ సెకనులో స్కూటరుకు పక్కకు తప్పుకున్నాను, ఆ ఒక్క కుదుపును కప్పడానికి మొత్తం షాట్ పెద్దదైంది. ఆ రెండు సెకన్లు తీసేసి, రెండు ముక్కలకూ విడిగా మళ్లీ Analyze నొక్కి, కదలికను ఎంతగా కుదురుపరచాలో చెప్పే Smoothness 50 నుంచి 15కు దించాను. ఒక ముక్క 109%, రెండోది 112% దగ్గర ఆగాయి. కొనలు తిరిగి వచ్చాయి. అతుకు దగ్గర ఫ్రేము గెంతుతుంది కాబట్టి, అక్కడ పెళ్లికూతురు లక్క గాజు తొడుక్కునే దగ్గరి షాట్ పెట్టాను.

రెండు పద్ధతులూ చేయలేని పని ఒకటుంది. షట్టరు 1/50 సెకను దగ్గర ఉండగా కుదిపితే ఆ ఫ్రేము అలుక్కుపోతుంది. దాన్ని నిలబెట్టినా అలుకు అలాగే ఉండి, అడుగు పడినప్పుడల్లా బొమ్మ మసకబారి మళ్లీ తేటపడుతుంది. షట్టరు వేగం బాగా పెంచుదామంటే బజారు దీపాలు అడ్డం. మన కరెంటు 50 హెర్ట్జ్, దానితో సెకనుకు 100 సార్లు మినుకుమనే దీపాల కింద 1/200 పెడితే ఫ్రేములో చారలు పడవచ్చు. అందుకే ఆ గాజుల వీధిలో రాత్రి నడిచేటప్పుడు 1/100 దగ్గరే ఆగి, అడుగులు చిన్నవిగా వేస్తున్నాను.