రీయూనియన్ మగ్గులు ఆర్డర్ ఇచ్చేవాళ్లు జాగ్రత్త: శాంపిల్ ఒకటి, వచ్చిన సరుకు ఇంకొకటి

డిగ్రీ అయిపోయిన 25 ఏళ్లకి బ్యాచ్ అంతా కలుస్తున్నాం కదా అని, అందరికీ గుర్తుగా ఒక్కో మగ్గు ఇద్దామనుకున్నాం. ఒకవైపు ఫేర్‌వెల్ నాటి గ్రూప్ ఫొటో, రెండోవైపు ఎవరి పేరు వాళ్లకి తెలుగులో. ఆన్‌లైన్‌లో ప్రింటింగ్ చేసే ఒకాయన పంపిన శాంపిల్ చాలా బాగుంది, అడ్వాన్స్ కట్టేశాం. వచ్చిన సరుకు మాత్రం ఆ శాంపిల్‌కి దూరపు చుట్టం కూడా కాదు. మీలో ఎవరైనా రీయూనియన్ కమిటీలో ఉంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

శాంపిల్ మగ్గు సబ్లిమేషన్ ప్రింట్. అంటే మగ్గుకి ముందే ఒక పాలిమర్ పూత ఉంటుంది, ప్రింట్ చేసిన కాగితాన్ని దానికి చుట్టి దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలు నొక్కి ఉంచితే, ఇంకు ఆవిరై ఆ పూతలోకి దిగిపోతుంది. అందుకే వేలితో తడిమితే బొమ్మ ఎక్కడ మొదలైందో తెలియదు. బల్క్‌లో వచ్చినవి మామూలు మగ్గుల మీద అతికించిన ఫిల్మ్. లైటు కింద కొంచెం వంచి చూస్తే బొమ్మ చుట్టూ సన్నటి గీత కనిపించింది, గోరు పెట్టి లాగితే ఒక మూల లేచి వచ్చేసింది. వేడి సబ్బు నీళ్లలో రాత్రంతా నానబెట్టి పొద్దున స్క్రబ్బర్‌తో రుద్దితే మా బ్యాచ్‌లో సగం మంది సింక్‌లోకి పోయారు.

ఇంకో చిన్న గుర్తు చెప్తాను. సబ్లిమేషన్‌లో తెల్ల ఇంకు ఉండదు, బొమ్మలో కనిపించే తెలుపు మగ్గు సొంత రంగే. నల్ల మగ్గు మీద తెల్ల అక్షరాలు చూపించి అది కూడా సబ్లిమేషనే అని ఎవరైనా అంటే, ఎలా చేశారో గట్టిగా అడగండి.

పేర్ల సంగతి ఇంకా ఘోరం. ఒత్తులు కింద పడాల్సినవి పక్కకి వచ్చి కూర్చున్నాయి. "కృష్ణ" అని ఉండాల్సిన చోట "కృష్‌ణ" అని పొల్లుతో అచ్చయింది. మనం ఫోన్‌లో టైప్ చేసి పంపేది యూనికోడ్, తెలుగు అక్షరాలని సరిగ్గా కలపడం రాని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెచ్చి పేస్ట్ చేస్తే ఇలాగే విడిపోతాయి. ఆయనకి తెలుగు చదవడం రాదు కాబట్టి తేడా తెలియలేదు, ప్రింట్‌కి ముందు మాకు చూపించిన ప్రూఫ్‌లోనేమో ఒత్తు లేని పేరు ఒక్కటే పెట్టాడు! కాబట్టి ఒక్క పేరు చూసి ఓకే అనకండి. ప్రతి పేరుకీ ప్రూఫ్ అడగండి, వీలైతే పేర్లన్నీ మీరే సరిగ్గా సెట్ చేసి పీడీఎఫ్‌గానో పెద్ద సైజు బొమ్మలుగానో ఇచ్చేయండి, మళ్లీ టైప్ చేయొద్దని చెప్పండి.

ఇక ఫొటో. మగ్గు చుట్టూ ప్రింట్ పడే చోటు సుమారు 20 సెంటీమీటర్లు. అంచు నుంచి అంచు దాకా ఫొటో వేయించినా, వరసకి 15 మంది నిలబడితే ఒక్కొక్కరికి దక్కేది సెంటీమీటరుంపావుకి కాస్త ఎక్కువ, అంతే, ముఖం శనగ గింజంత. మాలాగా ఒకవైపే వేయిస్తే ఇంకా చిన్నది. పైగా మగ్గు గుండ్రం, రెండు చివర్లలో నిలబడ్డవాళ్లు పిడి దగ్గరికి పోతారు. ఆ రోజుల్లో ఎప్పుడూ చివరే నిలబడేవాడు ఒకడున్నాడు మాకు, "ఒరేయ్, ఇప్పుడు కూడా నన్ను మూలకే నెట్టార్రా" అన్నాడు. గ్రూప్ ఫొటోయే కావాలంటే మగ్గు కన్నా ఫ్రేమ్ నయం. లేదూ మగ్గే అంటారా, కాలేజీ బిల్డింగ్ బొమ్మో, బ్యాచ్ సంవత్సరమో పెట్టుకోండి. ఏది పెట్టినా పాత ఫొటోని స్కానర్ మీద స్కాన్ చేయించి, వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సైజు కుదించేస్తుంది.

ఫిర్యాదు చేస్తే ఆయన చూపించింది బిల్లు వెనక చిన్న అక్షరాలు: సరుకు అందిన 48 గంటల్లోపు చెప్పాలి, "స్వల్ప తేడాలు సహజం". రీయూనియన్ గిఫ్టులతో వచ్చే చిక్కు ఇక్కడే. డబ్బాలు ముందే వస్తాయి, ఫంక్షన్ రోజు దాకా ఎవరూ విప్పరు. మా అదృష్టం, కమిటీలో ఒకమ్మాయి అనుమానమొచ్చి ముందే విప్పింది కాబట్టి గడువు దాటలేదు. మిగతా సగం డబ్బు ఇంకా మా దగ్గరే ఉండటం వల్లే ఆయన మళ్లీ ఫోన్ ఎత్తాడు. అందుకే ఆర్డర్‌లోనే "సబ్లిమేషన్, పూత ఉన్న మగ్గు, శాంపిల్‌లాగే" అని రాయించండి, శాంపిల్‌ని మీ దగ్గరే ఉంచుకోండి, వచ్చిన రోజే వేర్వేరు డబ్బాల్లోంచి నాలుగైదు తీసి గోరు పెట్టి చూసి ఒకటి నానబెట్టండి. బ్యాలెన్స్ ఆ తర్వాతే.