డీనాయిజింగ్ స్ట్రెంత్ ఎంత పెడితే కోట కోటలాగే మిగులుతుంది? రెండేళ్ళ వాడకం తర్వాత నా మాట

తిరుపతిలో మాది ఫోటోలు, ఫ్లెక్సీలు ప్రింట్ చేసే చిన్న షాపు. రెండేళ్ళుగా షాపు సిస్టమ్‌లోనే, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీద, ఏఐతో బొమ్మలు వేసే స్టేబుల్ డిఫ్యూజన్ 1.5 మోడల్‌ని, దాన్ని నడిపే ఆటోమేటిక్1111 అనే ప్రోగ్రాంలో పెట్టుకుని వాడుతున్నా. ఫోటో ఇచ్చి దాన్ని వేరే శైలి బొమ్మగా మార్చే ఇమేజ్ టు ఇమేజ్ పనే ఎక్కువ. ఈ పనిలో మిగతా సెట్టింగులన్నీ ఒక ఎత్తు, డీనాయిజింగ్ స్ట్రెంత్ ఒక్కటే ఒక ఎత్తు. 0 నుంచి 1 దాకా జరిపే ఆ స్లైడర్‌ని మొదటి ఆరు నెలలూ నేను తప్పుగా అర్థం చేసుకున్నా. 0.5 అంటే సగం ఫోటో, సగం కొత్త శైలి అనుకున్నా. అది అలా పనిచేయదు.

జరిగేది ఇదీ. మనమిచ్చిన ఫోటోని ముందు లేటెంట్ అనే చిన్న గళ్ళ రూపంలోకి మారుస్తుంది, 8 పిక్సెళ్ళ వెడల్పు, 8 పిక్సెళ్ళ ఎత్తు ఉన్న ముక్క ఒక గడి అవుతుంది. తర్వాత స్ట్రెంత్ ఎంత పెడితే అంత నాయిస్, అంటే చిందరవందర చుక్కలు, దాని మీద కుమ్మరించి, అక్కడి నుంచి మనం రాసిచ్చిన వర్ణన, అంటే ప్రాంప్ట్ ప్రకారం నాయిస్‌ని స్టెప్పు స్టెప్పుగా తీసేసుకుంటూ కొత్త బొమ్మ కడుతుంది. ఈ మోడల్ మామూలు షెడ్యూల్‌లో 0.4 పెడితే ఫోటో బలం 0.65 వంతుకు తగ్గి దాని మీద నాయిస్ చేరుతుంది, 0.6కి అది 0.40 వంతు, 0.75కి 0.24 వంతే. స్లైడర్ తెరవగానే కనిపించే అంకె 0.75 కాబట్టి కొత్తవాళ్ళు మొదటిసారి నొక్కగానే తమ ఫోటో ఎక్కడికి పోయిందా అని వెతుక్కుంటారు.

ఇంతకంటే ముఖ్యం, నాయిస్ అన్నిటినీ సమానంగా మింగదు. డిసెంబరులో తిరుమల ఘాట్ రోడ్డు మీద మంచు పడేటప్పుడు చూసే ఉంటారు, ముందు ఆకులు మాయమవుతాయి, తర్వాత చెట్లు, చివరికి కొండ గీత మాత్రం మసకగా మిగులుతుంది. ఇక్కడా అంతే. చిన్న వివరాలు మొదట పోతాయి, పెద్ద ఆకారాలు, వెలుగునీడల పెద్ద పెద్ద ముద్దలు ఆఖరిదాకా నిలుస్తాయి. అందుకే ఒకే 0.5 దగ్గరగా తీసిన ముఖాన్ని పోల్చుకునేలా ఉంచుతుంది, దూరంగా నిలబడిన మనిషిని మాత్రం నామరూపాల్లేకుండా చేస్తుంది. "ఎంత పెట్టాలి" అని అడిగేవాళ్ళకు నేను తిరిగి అడిగేది ఒక్కటే, మీరు కాపాడుకోవాలనుకున్న వస్తువు ఫోటోలో ఎన్ని పిక్సెళ్ళుంది?

నిరుడు చేసిన ఒక పని చెప్తా. హోమ్‌స్టే పెట్టుకున్న ఒకాయన చంద్రగిరి రాజమహల్ ఫోటో తెచ్చి, రిసెప్షన్ గోడకు కలంకారీ తరహాలో పెద్ద ప్రింట్ కావాలన్నాడు. "అన్నా, కోట మాత్రం మన కోటలాగే ఉండాల, చూసినోళ్ళు టక్కున గుర్తుపట్టాల" అని రెండుసార్లు చెప్పిపోయాడు. మూడంతస్తులు, వరసగా కమానులు, పైన శిఖరాల్లాంటి బురుజులు, వెనక కొండ, ముందు పచ్చిక, పచ్చిక మీద నలుగురైదుగురు సందర్శకులు, పైన నీలాకాశం. ఫోటోని 768 బై 512కి తగ్గించి, నాయిస్ ఏ తీరులో పడాలో నిర్ణయించే సీడ్ అంకె మార్చకుండా, నాయిస్ తీసే పద్ధతుల్లో ఒకటైన ఆయిలర్ శాంప్లర్‌తో 30 స్టెప్పులు పెట్టి, ప్రాంప్ట్ ఇలా ఇచ్చా:

```
kalamkari pen drawing, bold black outlines, natural dye, cream cotton cloth
```

స్ట్రెంత్‌ని ఒక్కొక్కటిగా మార్చి చూడడం టైమ్ వేస్ట్. అదే స్క్రీన్‌లో కింద స్క్రిప్టుల్లో `X/Y/Z plot` ఉంటుంది, అందులో X దగ్గర `Denoising` ఎంచుకుని ఇది రాస్తే ఆరు బొమ్మలు పక్కపక్కనే వస్తాయి:

```
0.3-0.8 [6]
```

0.3లో ఏమీ జరగలేదు, ఫోటో మీద పలచటి ఫిల్టర్ వేసినట్టుంది. 0.4లో రాళ్ళ గరుకుతనం పోయి కొంచెం బొమ్మలా అయింది, ఆకాశం మాత్రం నీలంగానే ఉంది. 0.5లో సందర్శకులు పొదల్లా మారిపోయారు. 0.6లో నల్లటి గీతలు కనబడ్డాయి కానీ కింది అంతస్తు కమానులు లెక్కపెడితే అసలు ఫోటోలో కంటే ఒకటి తక్కువ. 0.7 దగ్గరే నేలా ఆకాశమూ అసలైన కలంకారీ గోధుమ పసుపుకు వచ్చాయి, తీరా చూస్తే అప్పటికి మూడంతస్తుల మహల్ కాస్తా ఏదో ఊరి గాలిగోపురం అయిపోయింది. 0.8లో కొండ కూడా లేదు.

అంటే శైలి వచ్చిన చోట కోట లేదు, కోట ఉన్న చోట శైలి లేదు. చాలామంది ఇక్కడే 0.55, 0.57, 0.58 అంటూ మధ్యలో ఎక్కడో మంచి అంకె దొరుకుతుందని వెతుకుతూ కూర్చుంటారు. నేనూ రెండు రాత్రులు కూర్చున్నా, దొరకలేదు. ఎందుకు దొరకదో తెలియడానికి నాకు ఇంకా చాలా రోజులు పట్టింది. నీలాకాశం అనేది బొమ్మలో సగానికి దగ్గరగా ఉన్న ఒక్క పెద్ద రంగు ముద్ద. కోట ఆకారం ఎంత మొండిగా నిలుస్తుందో ఆ రంగూ అంతే మొండిగా నిలుస్తుంది, ఎందుకంటే నాయిస్ దృష్టిలో రెండూ పెద్ద ఆకారాలే. కాబట్టి ఆకాశం రంగు మారేంత నాయిస్ వేస్తే కోట కూడా కరిగిపోతుంది. స్లైడర్‌కి ఇది రంగు, ఇది కట్టడం అని తెలియదు.

కాబట్టి రంగు మార్చే పని దానికి అప్పజెప్పకూడదు, ఫోటో ఇవ్వకముందే మనం చేసుకోవాలి. ఫోటోలు దిద్దే గింప్ ప్రోగ్రాంలో తెరిచి, ఆకాశాన్ని ఎంచుకుని కలంకారీ గుడ్డ రంగు నింపా. పచ్చికని ఆవపొడి రంగుకి తెచ్చా. మొత్తం ఫోటోలో రంగుల గాఢత తగ్గించా. ఒక చిక్కు వచ్చింది, ఒకే రంగు నింపిన చదునైన చోట తక్కువ స్ట్రెంత్‌లో ఏమీ పుట్టదు, అలా బోసిగానే ఉండిపోతుంది. అందుకని మా ఇంట్లో ఉన్న గాడా గుడ్డకు ఫోటో తీసి పలచగా దాని మీద పరిచా, ఆకాశంలో నాలుగు చోట్ల మౌస్‌తోనే లతల్లాంటి గీతలు గీశా. ఆ గీతలు బాగుండాల్సిన అవసరం లేదు, అక్కడేదో ఉందని దానికి తెలిస్తే చాలు, 0.5లో అవి పూలూ ఆకులూ అవుతాయి.

నల్లగీత సంగతి మాత్రం నాకై నాకు తట్టలేదు. శ్రీకాళహస్తిలో ఏళ్ళ తరబడి కలంతో బొమ్మలు వేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వేరే పని మీద వెళ్ళినప్పుడు, ఫోన్‌లో నా 0.5 బొమ్మ చూపించా. ఆయన కాసేపు చూసి, "గీత యాడుంది నాయనా? మేము కరక్కాయ, పాలల్లో గుడ్డ ముంచి ఆరేసినాక ముందు కసిమితో నల్లగీత గీస్తాం, రంగులన్నీ ఆ తర్వాతే" అన్నాడు. కసిమి అంటే ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో నానబెట్టి చేసే నలుపు. ఆయన చెప్పాక ఫోటోని మళ్ళీ చూస్తే విషయం అర్థమైంది, ఫోటోలో గీతలే లేవు, వెలుగూ నీడా కలిసే అంచులున్నాయంతే. లేని గీతని పుట్టించాలంటే మళ్ళీ స్ట్రెంత్ పెంచాలి, పెంచితే కమానులు పోతాయి. ఇంటికొచ్చి గింప్‌లో `Difference of Gaussians` తో అంచులు తీసి, ఆ నల్లగీతల లేయర్‌ని ఫోటో మీద మల్టిప్లైలో పెట్టా. ఇక సందర్శకుల్ని చెరిపేశా. వాళ్ళ ఎత్తు 30 పిక్సెళ్ళు, అంటే లేటెంట్‌లో నాలుగు గళ్ళు కూడా లేవు, శైలి వచ్చే ఏ స్ట్రెంత్‌లోనూ వాళ్ళు మనుషులుగా మిగలరు.

ఇలా తయారుచేసిన ఫోటోని అదే సీడ్‌తో, అదే ప్రాంప్ట్‌తో మళ్ళీ నడిపితే 0.5లోనే గుడ్డ రంగు, నల్లగీత, లతలు అన్నీ వచ్చాయి. 0.52 ఖాయం చేశా. కమానుల లెక్క సరిపోయింది, మూడంతస్తులూ నిలిచాయి, కొండ గీత కూడా అక్కడే ఉంది. బిల్లు మీద "కలంకారీ తరహా డిజిటల్ ప్రింట్" అని రాసిచ్చా. చేత్తో వేసిన శ్రీకాళహస్తి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు దీనికి పెట్టడం తప్పు, ప్రింట్ షాపుల వాళ్ళందరూ ఇది పాటించాలని గట్టిగా కోరుకుంటున్నా.

స్టెప్పుల గురించి ఒక మాట, ఇక్కడ మోసపోయేవాళ్ళు ఎక్కువ. 20 స్టెప్పులు పెట్టి స్ట్రెంత్ 0.4 పెడితే నడిచేవి ఎనిమిదో తొమ్మిదో మాత్రమే, మిగతావి మొదలే కావు. బొమ్మ సగం ఉడికిన అన్నంలా మసకగా వస్తుంది, మనం స్ట్రెంత్ చాలలేదనుకుని పెంచేస్తాం, కూర్పు పోగొట్టుకుంటాం. ముందు స్టెప్పులు 40కి పెంచి చూడండి, లేదా సెట్టింగుల్లో `With img2img, do exactly the amount of steps the slider specifies` టిక్ పెట్టండి. శాంప్లర్, షెడ్యూల్, మోడల్ మారిస్తే కూడా నిన్నటి అంకె ఇవాళ పనికిరాదు, ఆ ఆరు బొమ్మల వరస మళ్ళీ వేసుకోవాల్సిందే.

0.35తో రెండుసార్లు నడిపితే 0.7తో సమానమా అని అడుగుతుంటారు. కాదు. ప్రతిసారీ పెద్ద ఆకారాలు చాలావరకు నిలుస్తాయి, అందుకే కొన్నిసార్లు ఇది ఒకేసారి 0.7 కంటే నయం. కానీ మొదటిసారి వచ్చిన తప్పు రెండోసారికి అసలు ఫోటో అయిపోతుంది, వంకర కమాను ఇంకాస్త వంకరవుతుంది. రెండు కంటే ఎక్కువసార్లు నేనెప్పుడూ వెళ్ళను. మోడల్‌కి తోడుగా పెట్టుకునే కంట్రోల్‌నెట్‌లో లైన్ఆర్ట్ పెట్టుకుంటే గీతల్ని విడిగా పట్టి ఉంచుతుంది కాబట్టి 0.8 దాకా వెళ్ళొచ్చు, కట్టడాలకు చాలా బాగుంటుంది. అయినా రంగుల పని ముందే చేసుకునే అలవాటు నేను మానలేదు, చేసుకున్నప్పుడు తక్కువ ప్రయత్నాల్లో మంచి బొమ్మ పడుతుంది.

ఫోటోలో తెలుగు బోర్డు ఉంటే మాత్రం ఆశ వదులుకోండి. 0.1కే అక్షరాల ఒత్తులు, తలకట్లు చెదిరిపోతాయి, నాయిస్ కంటే ముందు లేటెంట్‌లోకి మార్చడంలోనే అవి సగం దెబ్బతింటాయి. బోర్డుని పక్కన పెట్టుకుని చివర్లో పైన అతికిస్తా.

ఇప్పటికీ నాకు లొంగనిది గంగమ్మ జాతర ఫోటో. వేషాలు వేసుకున్నవాళ్ళు, వెనక జనం, వందల ముఖాలు, ఒక్కొక్కటీ రెండు మూడు గళ్ళే. 0.3 దాటితే ముఖాలు పోతాయి, 0.3లో శైలి రాదు. ఫోటోని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని పెద్దది చేసి విడివిడిగా నడిపితే ముఖాలు నిలుస్తున్నాయి, కానీ అతుకుల దగ్గర ఒక ముక్క ఎరుపు, పక్క ముక్క ఎరుపు కలవడం లేదు. ముక్కలు ఒకదాని మీదకి ఒకటి 128 పిక్సెళ్ళు ఎక్కేలా కోసి, అన్నిటి రంగులూ ముందే గింప్‌లో ఒకేలా సరిచేసి, 0.38తో ప్రయత్నిస్తున్నా. ఇంతవరకు పన్నెండు ముక్కల్లో తొమ్మిది కలిశాయి.