ఫారం నింపితే షీట్‌లో దానంతటదే పడుతుందని ఆటోమేషన్ టూల్ కొనేవాళ్లు ముందు ఇది చదవండి

మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. తొలకరి పడ్డాక రెండు నెలలు ఫోన్ ఆగదు. అందుకే ఈ ఏడాది ఆర్డర్లకి ఆన్‌లైన్ ఫారం పెట్టి, అది నింపగానే వివరాలు మా షీట్‌లో పడేలా, కోడింగ్ అక్కర్లేని ఒక ఆటోమేషన్ టూల్‌కి ఏడాది డబ్బు ఒకేసారి కట్టాం. అమ్మిన మనిషి "నెలకి 750 టాస్కులండీ, మీకు బోలెడు" అన్నాడు. 750 టాస్కులంటే 750 ఆర్డర్లు అనుకున్నాం. మోసపోయింది అక్కడే.

ఆ టూల్ లెక్కలో టాస్క్ అంటే ఆర్డర్ కాదు, ఒక్కో ఆర్డర్‌కి అది చేసే ఒక్కో పని. మాకు ఫారం వచ్చినప్పుడల్లా షీట్‌లో వరుస చేర్చడం ఒకటి, కొన్నవాళ్లకి మెసేజ్ ఒకటి, ప్యాకింగ్ కుర్రాళ్లకి మెయిల్ ఒకటి. అంటే ఆర్డర్‌కి మూడు. 750ని మూడుతో భాగిస్తే 250 ఆర్డర్లే. జూలై 1న మొదలైన కోటా 17కల్లా అయిపోయింది.

అయిపోయాక ఏమీ విరిగినట్టు కనపడదు. ఫారం మామూలుగానే తెరుచుకుంటుంది, నింపినవాళ్లకి ధన్యవాదాలు అని వస్తుంది. టూల్ మాత్రం కొత్త ఆర్డర్లని షీట్‌కి పంపకుండా తన దగ్గర హోల్డ్‌లో పెట్టుకుంటుంది. ఆ సంగతి చెప్పే మెయిల్ ఖాతా తెరిచిన ఈమెయిల్‌కి వెళ్తుంది. మాకు ఖాతా తెరిచింది మా అక్క కొడుకు, హైదరాబాద్‌లో ఉంటాడు. ఆ మెయిల్ వాడు చూడలేదు. వర్షాలకి ఆర్డర్లు తగ్గాయేమో అనుకుంటూ మేం అయిదు రోజులు కూర్చున్నాం.

22న అమలాపురం వైపు నుంచి ఒక రైతు "నా కొబ్బరి మొక్కలు ఎప్పుడు పంపుతారండీ?" అని ఫోన్ చేశారు. షీట్‌లో ఆయన పేరే లేదు. ఫారం తెరిచి చూస్తే స్పందనలు 311, షీట్‌లో వరుసలు 250. తేడా 61.

కంగారులో ఆ 61 ఆర్డర్లనీ ఫారం నుంచి చూసి చేత్తో ఎక్కించుకున్నాం. రాత్రికి కస్టమర్ కేర్ వాళ్లు దొరికి, "పెద్ద ప్లాన్‌కి మారండి, హోల్డ్‌లో ఉన్నవి రీప్లే నొక్కితే వెళ్లిపోతాయి" అన్నారు. డబ్బు కట్టి నొక్కాం. వెళ్లాయి. షీట్ 372 అయింది. చేత్తో ఎక్కించిన 61 మళ్లీ కింద చేరాయి. వరుస చేర్చే ఆ పని పైన అదే ఆర్డర్ ఉందో లేదో చూడదు, వచ్చింది వచ్చినట్టు కింద రాసుకుపోతుంది. ఈ సంగతి రీప్లే నొక్కమన్నవాళ్లు చెప్పాలి. చెప్పలేదు. ఆ రైతుకి వెళ్లాల్సిన 60 మొక్కలు మర్నాడు రెండుసార్లు లారీ ఎక్కాయి. ఆయన మంచివారు, ఫోన్ చేసి చెప్పారు. లేకపోతే మొక్కలూ పోయేవి, కిరాయీ పోయేది.

ఇప్పుడు మా ఏర్పాటు వేరు. ఫారం ప్రతి స్పందనకీ ఒక ఐడీ ఇస్తుంది, అది షీట్ మొదటి కాలమ్‌లో పడేలా పెట్టాం. టూల్ ముందు ఆ ఐడీని వెతుకుతుంది, లేకపోతేనే వరుస చేరుస్తుంది. ఫోన్ నంబర్‌తో వెతికించకండి, ఒకే మనిషి నెలలో రెండు ఆర్డర్లు ఇస్తే రెండోది పోతుంది. వెతకడాన్ని కూడా కొన్ని టూల్స్ ఒక టాస్క్‌గా లెక్కేస్తాయి, అప్పుడు ఆర్డర్‌కి నాలుగు. కొనేముందే అడగండి. చేత్తో ఎక్కించాల్సి వస్తే ఐడీతో సహా ఎక్కించండి. రెండుసార్లు పడిందేమో తెలియడానికి రెండో వరుసలో, చివరి ఖాళీ కాలమ్‌లో ఇది పెట్టి, లోడింగ్‌కి ముందు ఆఖరి ఆర్డర్ వరుస దాకా కిందికి లాగుతాం:

```
=COUNTIF(A$2:A2, A2)
```

1 కన్నా ఎక్కువ వచ్చిన వరుసని లోడింగ్‌కి పంపం. రోజూ సాయంత్రం ఫారంలో స్పందనల సంఖ్యనీ షీట్‌లో వరుసల సంఖ్యనీ మా ఆవిడ పక్కపక్కన చూస్తుంది. రెండు నిమిషాల పని.

ఇంకో మాట. గూగుల్ ఫారమ్స్ వాడేవాళ్లయితే స్పందనలు నేరుగా గూగుల్ షీట్‌లో పడే ఏర్పాటు అందులోనే ఉంది, దానికి ఏ టూలూ అక్కర్లేదు. టూల్‌ని మెసేజ్‌లకి మాత్రమే పెట్టుకుంటే, కోటా అయిపోయినా ఆగేది మెసేజే, ఆర్డర్ షీట్‌లోనే ఉంటుంది.

కట్టిన డబ్బు వెనక్కి అడిగితే ఏడాది ప్లాన్‌కి రీఫండ్ లేదన్నారు. కాబట్టి ముందు ఒక నెలకే కట్టండి, అదీ మీకు ఆర్డర్లు ఎక్కువగా వచ్చే నెల చూసుకుని. హెచ్చరిక మెయిళ్లు రోజూ షాపులో కూర్చునే మనిషికి వచ్చేలా మొదటి రోజే మార్చుకోండి.