చీటీ పాట నాకే వచ్చింది, డబ్బు మాత్రం రాలేదు. ఇలాంటి చీటీల్లో ఉన్నవాళ్లు జాగ్రత్త

మా కాలనీలో చీటీలు నడిపే అతని పేరు ఇక్కడ రాయను. ఉన్నవాళ్లకి తెలుసు. 5 లక్షల చీటీ, 20 మంది, నెలకు 25 వేలు. అబ్బాయి ఫీజు కోసం 15వ నెలలో 40 వేలు తగ్గించి పాడాను. నాకు రావాల్సింది 4 లక్షల 60 వేలు. "వారంలో ఇస్తానక్కా" అన్నాడు. ఆ వారం నెలయింది. ఈలోపు 16వ నెల వాయిదా కూడా కట్టించుకున్నాడు.

నిన్న ఇంటికి వెళ్లాను. కుర్చీలోంచి లేవలేదు. "ఆ చీటీ నాది కాదక్కా, మీరంతా కలిసి వేసుకున్నారు. నేను వసూలు చేసి పెట్టానంతే. నేను సంతకం పెట్టిన కాగితం ఉంటే చూపించు" అన్నాడు. పదహారు నెలలు నా చేతి నుంచి నోట్లు లెక్కపెట్టి తీసుకున్న మనిషి! నా దగ్గరున్నది టిక్కులు పెట్టిన చిన్న కార్డు ఒక్కటే. అసలు లెక్క అతని పుస్తకంలో ఉంది. కట్టింది దాదాపు 3 లక్షల 20 వేలు. రాత్రంతా నిద్ర లేదు.

నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది 13వ నెల పాట. ఎవరో లక్షా 50 వేలు వదులుకుని ఎత్తారని చెప్పాడు. అందులో కమిషన్ 25 వేలు పోగా మిగిలిన లక్షా 25 వేలు 20 మందికి పంచితే తలా 6,250. ఆ నెల 18,750 కడితే చాలని అందరం సంతోషించాం. ఎవరు పాడారని అడగలేదు. ఇంకా ఏడు నెలలే మిగిలిన చీటీకి అంత వదులుకునేదెవరు? 3 లక్షల 50 వేలు బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నా ఏడు నెలలకి 49 వేలే అవుతుంది. చివరికి వచ్చేకొద్దీ తగ్గింపు తగ్గాలి, పెరగకూడదు. ఎత్తింది అతని బావమరిది పేరు మీదని ఇప్పుడు తెలిసింది. ఎత్తాక ఆ పేరు మీద వాయిదాలు కట్టనేలేదు. మా డబ్బుతోనే పాత అప్పులు పూడ్చుకున్నాడు. అప్పుడే ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది, నాదే తప్పు.

రిజిస్టర్ అయిన చీటీ అయితే 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం, మొదలుపెట్టే ముందే చీటీ మొత్తానికి సమానమైన సొమ్ము రిజిస్ట్రార్ పేరు మీద డిపాజిట్ చేయాలి, లేదా అంతకు తగిన సెక్యూరిటీలు హామీగా పెట్టాలి. అనుమతి లేకుండా నడిపితే రెండేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. మీ చీటీకి ప్రారంభ ధ్రువపత్రం నంబరు అడగండి, రిజిస్ట్రార్ ఆఫీసులో సరిచూసుకోండి. నగదు కడితే సంతకంతో రసీదు తీసుకోండి. పాడిన డబ్బు "నా దగ్గరే ఉంచు, వడ్డీ ఇస్తా" అంటే ఒప్పుకోకండి.

మా చీటీలో ఉన్నవాళ్లకి: సోమవారం పది గంటలకు స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తున్నాం. 13వ నెల పాట మెసేజ్ ఎవరి ఫోన్లో ఉన్నా తీసేయకండి, తీసుకుని రండి.