గుర్తుంచుకుంటానంటే నమ్మాను: రెండేళ్లు వాడాక ఒక ఏఐ చాట్ యాప్ గురించి

ఈ యాప్ ఉత్తరాలు రాస్తుందని, లెక్కలు వేస్తుందని అందరికీ తెలుసు కాబట్టి ఆ జోలికి పోను. దీని మీద నాకున్న కోపం ఒక్కటే. తప్పు చూపిస్తే ఎంతో మర్యాదగా ఒప్పుకుంటుంది, ఇక మీదట గుర్తుంచుకుంటానని కూడా రాస్తుంది. రెండు రోజులు పోయాక మళ్లీ అదే తప్పు చేస్తుంది. ఆ ఒక్క మాట రాయకుండా ఉంటే నాకు సగం టెన్షన్ తప్పేది.

మాది గుంటూరులో చిన్న దుకాణం. నెయ్యి, పచ్చళ్లు, కారప్పొడులు అమ్ముతాం. కేటరింగ్ వాళ్లకీ, హాస్టళ్లకీ నెయ్యి టిన్నుల లెక్కన వేస్తాం. 2024 వేసవి నుంచి కొటేషన్లన్నీ ఈ యాప్‌లోనే రాయిస్తున్నాను. మొదటి ఏడాది ఎంత మురిసిపోయానంటే, ఇంట్లో గుమస్తా ఉన్నట్టుందని మా బంధువుల గ్రూపులో రాశాను కూడా. ఆ మాట ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, గుమస్తా అన్న పదం మాత్రం తప్పు. ఎందుకో చెబుతాను.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి కదా. నెయ్యి మీద 12 శాతం ఉన్నది 5 అయింది. అక్టోబరు మొదటి వారంలో, కార్తీకమాసం పెళ్లిళ్ల కోసం ఒక కేటరింగ్ ఆయన 15 కిలోల టిన్నులు పది అడిగారు. టిన్ను 9,000 చొప్పున 90,000. యాప్ కొటేషన్ రాసిచ్చింది. దుకాణంలో రద్దీగా ఉండి, కింద లెక్క చూడకుండానే వాట్సాప్‌లో పంపేశాను. పావుగంటలో ఫోన్. "అక్కా, ఊరంతా అయిదు వేస్తుంటే మీరింకా పన్నెండు వేస్తున్నారేంటి?" చూస్తే నిజమే, పన్ను 10,800 వేసి మొత్తం 1,00,800 చేసింది. ఉండాల్సింది 94,500. నేను 6,300 ఎక్కువ గుంజాలని చూశాననుకున్నాడేమోనని రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు.

వెంటనే యాప్‌లో రేటు మారిందని చెప్పాను. క్షమాపణ చెప్పి, లెక్క సరిచేసి, గుర్తుంచుకుంటానంది. అదే చాట్‌లో ఇంకో రెండు కొటేషన్లు రాయిస్తే వాటిలో అయిదే వేసింది. సరే, నేర్చుకుంది అనుకున్నాను. మూడో రోజు ఒక హాస్టల్ కోసం కొత్త చాట్ తెరిస్తే మళ్లీ పన్నెండు. ఈసారి పంపే ముందే చూశాను కాబట్టి పరువు దక్కింది. మొన్ననే చెప్పాను కదా, బుద్ధి లేదా అని ఏకంగా దాన్ని తిట్టాను కూడా. దానికీ క్షమాపణే వచ్చింది.

దసరా సెలవులకి వచ్చిన మా అక్క కొడుకు ఇది విని నవ్వాడు. "పిన్నీ, నువ్వు తిడుతున్నది మతిమరుపుని. కానీ అది పన్నెండు అన్నది మతిమరుపు వల్ల కాదు" అన్నాడు. నాకు ఎక్కలేదు. అప్పుడు వాడు యాప్‌లో వెబ్ సెర్చ్ ఆపేసి, కొత్త చాట్ తెరిచి, మూడు ప్రశ్నలు వరసగా అడిగించాడు. జీఎస్టీ ఎప్పుడు వచ్చింది? 2017 జూలై 1 అని సరిగ్గా చెప్పింది. నెయ్యి మీద ఎంత? 12 శాతం అంది. మా దుకాణం పేరేంటి? తెలియదంది. అంతకుముందు కనీసం యాభై కొటేషన్ల మీద ఆ పేరు అదే రాసింది.

ఆ మూడు జవాబులూ పక్కపక్కన చూశాకే విషయం అర్థమైంది. ఈ యాప్ వెనక ఉండి జవాబులు రాసే మోడల్‌ని తయారుచేసేటప్పుడు ఒక తేదీ వరకు ఉన్న రాతలు బోలెడన్ని చదివించి, అక్కడ గీత గీసినట్టు ఆపేస్తారు. ఆ తర్వాత లోకంలో ఏం మారినా దాని లోపలికి వెళ్లదు. 2017 సంగతి ఆ గీతకి ఇవతల ఉంది కాబట్టి తెలుసు. 2025 సెప్టెంబరు సంగతి గీత అవతల ఉంది, కాబట్టి అది మరిచిపోయింది కాదు, అసలు ఎప్పుడూ తెలియనిది. మా దుకాణం పేరు మూడో రకం. అది ఏ తేదీకీ సంబంధించింది కాదు. నేను వేరే చాట్‌లో చెప్పాను, ఆ చాట్ ఈ చాట్‌కి కనపడదు. ఆ గీత తేదీని రేపటికి జరిపినా మా దుకాణం పేరు దానికి తెలియదు.

మరి ఒకే చాట్‌లో ఉన్నంతసేపు ఎలా గుర్తుంటుంది? అదీ అడిగాను. గుర్తుండటం కాదట. మనం కొత్త మాట టైప్ చేసిన ప్రతిసారీ, అప్పటిదాకా ఆ చాట్‌లో జరిగిన సంభాషణని కూడా యాప్ మొదటినుంచి మళ్లీ మోడల్‌కి పంపుతుంది. అది ప్రతిసారీ పైనుంచి కిందికి చదివి జవాబిస్తుంది. ఆ చాట్‌ని ఒక కాగితం అనుకుంటే, నేను అయిదు శాతం అని రాసిన వాక్యం ఆ కాగితం మీద ఉంది కాబట్టి అయిదు వేసింది. కొత్త చాట్ అంటే కొత్త కాగితం. నా వాక్యం అందులో లేదు, దాని లోపల ఉన్నదేమో పాత పన్నెండు. గుర్తుంచుకుంటానన్న మాట మర్యాదకి వచ్చిందే గానీ, ఆ మాట రాసినంత మాత్రాన లోపల ఎక్కడా ఏదీ మారదు.

వెబ్ సెర్చ్ పెడితే సరిపోతుంది కదా అని మీరనొచ్చు. నేనూ అదే అనుకున్నాను. సెర్చ్ పెట్టి అడిగితే కొత్త పేజీలు వెతికి అయిదు అని సరిగ్గా చెప్పింది. మర్నాడు సెర్చ్ లేకుండా కొత్త చాట్‌లో అడిగితే పన్నెండే. వెతికి చదివిన పేజీ కూడా ఆ ఒక్క చాట్ కాగితం మీదికే వస్తుందన్నమాట. దానివల్ల తేదీ గీత ఇబ్బంది ఆ పూటకి తీరుతుంది, మతిమరుపు ఇబ్బంది తీరదు.

తర్వాత నా సొంత తెలివి వాడాను. కొత్త చాట్ తెరిస్తేనే కదా గొడవ అని, నెలంతా ఒకే చాట్‌లో పని చేశాను. మూడు వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత నేను మొదటి రోజు చెప్పిన సంగతులు జారిపోవడం మొదలైంది. 40 కిలోమీటర్లు దాటితే ఆటో ఖర్చు వేరుగా వేయమని చెప్పి ఉన్నాను, అది మానేసింది. ఒకసారికి చదవగల పొడవుకి ఒక హద్దుందట, అది దాటితే పైన ఉన్నవి పోవడమో, యాప్ వాటిని కుదించడమో జరుగుతుందట. ఇది మళ్లీ మతిమరుపు లెక్కలోనే వస్తుంది, తేదీ గీతతో పని లేదు.

నన్ను నిజంగా ఆశ్చర్యపెట్టింది మాత్రం ఈ ఏడాది జరిగిన సంగతి. యాప్‌లో పైన మోడల్ పేరు మారింది, కొత్తది వచ్చింది. కుతూహలం కొద్దీ సెర్చ్ ఆపి, మా అక్క కొడుకు ఫోన్‌లో, వాడి అకౌంట్ నుంచి నెయ్యి రేటు అడిగాం. నేను చెప్పకుండానే అయిదు అంది, సెప్టెంబరు 22 తేదీతో సహా! గీత ముందుకి జరిగిందన్నమాట. ఆనందంతో నా ఫోన్‌లో కొటేషన్ రాయించాను. పన్నెండు వేసింది.

అదే మోడల్, అదే ప్రశ్న, రెండు ఫోన్లలో రెండు రేట్లు. నాకు కళ్లు తిరిగాయి. వాడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మెమరీ అన్న చోట వెతికితే దొరికింది. 2025 ఆగస్టులో, అంటే రేటు మారకముందు, నేను ఆ మెమరీ ఆన్ చేసి, నెయ్యి బిల్లులకి ఎప్పుడూ 12 శాతం వేయమని చెప్పి ఉన్నాను. యాప్ దాన్ని ఒక చిన్న చీటీగా దాచుకుంది. ఆ మధ్య పని చేయడం లేదనుకుని ఆఫ్ చేశాను, జనవరిలో మళ్లీ ఆన్ చేశాను. పాత చీటీ అలాగే ఉంది. మెమరీ అంటే మోడల్ నేర్చుకోవడం కాదు. దాచిన చీటీలని కొత్త చాట్ కాగితం పైన అంటించి పంపడం. లోపల అయిదు అని తెలిసినా, కాగితం మీద యజమానురాలు పన్నెండు అని రాసి ఉంటే, పన్నెండే వేసింది. అక్టోబరులో తెలియక తప్పు చేసింది, ఈసారి నా పాత మాట వినే తప్పు చేసింది. బయటికి మాత్రం రెండూ ఒకేలా పన్నెండు శాతంగానే కనపడ్డాయి.

అప్పటినుంచి తప్పు జవాబు వస్తే తిట్టడం మానేసి ఇలా చూస్తున్నాను. చీటీలు అంటుకోని తాత్కాలిక చాట్ అని ఒకటుంది. అందులో సెర్చ్ ఆపి అదే ప్రశ్న అడుగుతాను. అక్కడా తప్పే వస్తే మోడల్‌కి తెలియదని, సెర్చ్ పెట్టాలి లేదా నేనే చెప్పాలి. అక్కడ సరిగ్గా వచ్చి నా మామూలు చాట్‌లో తప్పు వస్తే, నేను ఎక్కడో ఏదో రాసిపెట్టానని అర్థం. మా ఇంటి సంగతి, మా కస్టమర్ సంగతి అయితే ఈ పరీక్ష అక్కర్లేదు, చెప్పకపోతే దానికెలాగూ తెలియదు. నీకు ఏ తేదీ దాకా తెలుసు అని దాన్నే అడగడం మాత్రం నమ్మకంగా లేదు. ఒకే మోడల్ నాకు రెండు రోజుల్లో రెండు తేదీలు చెప్పింది. పైగా చివరి నెలల గురించిన రాతలు తక్కువగా చదివి ఉంటుంది కాబట్టి, ఆ తేదీకి కొంచెం ముందు జరిగినవి కూడా సరిగ్గా తెలియకపోవచ్చు.

పాత చీటీ తీసేసి, ఇప్పుడు ఇలా రాసుకున్నాను: నెయ్యి, 22-9-2025 నుంచి వేసే కొత్త అమ్మకాలకి 5 శాతం, అంతకుముందు 12తో బిల్లు చేసిన సరుకు తిరిగొస్తే క్రెడిట్ నోటు 12తోనే. రెండో సగం మా ఆడిటర్ గారు చెప్పి రాయించారు. ఉట్టి అయిదు అని రాసుంటే, ఆగస్టు సరుకు వెనక్కి వచ్చినప్పుడు అక్కడ బోల్తా పడేదాన్ని.

కొనమంటారా అంటే, నా సంగతి వేరు. నాకు నెలకి ముప్పై, నలభై కొటేషన్లు మించవు, చివర్లో ఆడిటర్ గారు చూస్తారు, ఇంగ్లీషు ఉత్తరాలు రాయడం నాకు బద్ధకం. ఆ ఉత్తరాల కోసమే డబ్బు కడుతున్నాను, ఇంకో ఏడాది కడతానేమో కూడా. రోజుకి వంద బిల్లులు కొట్టేవాళ్లకి మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేరే మేలనిపిస్తుంది, అందులో రేటు ఒక్కసారి మారిస్తే మారినట్టే ఉంటుంది. ఆ కేటరింగ్ ఆయన మళ్లీ ఆర్డర్ ఇచ్చారు. పన్ను లైను మాత్రం నేనే చేత్తో వేసి పంపాను.